మ్యాథ్స్ నైట్‌లో నేర్పిస్తే ఇంట్లోనూ ఆడుకునే పాచికల ఆట ఏది?

పాచికల_పెట్టె
మూడో తరగతి పిల్లలకీ తల్లిదండ్రులకీ కలిపి మ్యాథ్స్ నైట్ పెడుతున్నాం. ఒక్కో బల్ల దగ్గర 20 నిమిషాలు. ఇంటికెళ్ళాక కూడా ఆడుకునేలా ఒక పాచిక, కాగితం, పెన్సిలుతో అయిపోయే ఆట కావాలి. పాము-నిచ్చెనలు వద్దు, అందులో పిల్లలు ఆలోచించి తేల్చుకునేదేమీ ఉండదు.

పదులూ_ఒకట్లూ
"వందకి దగ్గర" పెట్టండి. ఒకరు పాచిక వేస్తారు, పడిన అంకెని బల్ల దగ్గరున్న అందరూ వాడుకుంటారు. అలా 7 సార్లు. పడగానే దాన్ని పదుల్లో రాయాలో ఒకట్లలో రాయాలో తేల్చుకోవాలి, రాశాక మార్చకూడదు. 4 పడితే 40 అయినా రాయొచ్చు, 4 అయినా రాయొచ్చు. ఏడు అంకెలూ వాడాల్సిందే. వంద దాటినవాళ్ళు అవుట్, మిగిలినవాళ్ళలో వందకి దగ్గరున్నవాళ్ళది గెలుపు.

వరసగా 3, 5, 2, 6, 1, 4, 2 పడ్డాయనుకోండి. ఒకరు 3నీ 5నీ పదుల్లో పెట్టారు: 80, మిగతావి కలిపితే 15, మొత్తం 95. పక్కవాళ్ళు 3నీ 6నీ పెట్టారు: 90కి 14 కలిసి 104, అవుట్. అందరికీ అవే అంకెలు కాబట్టి నాకు సరైనవి పడలేదనడానికి లేదు. ఆట అయ్యాక "ఎందుకక్కడ పెట్టావు?" అనే మాట దానంతటదే వస్తుంది.

గళ్ళనోటుబుక్
దీనికో తేలికైన చిట్కా ఉంది. పెద్ద అంకెలు పదుల్లో, చిన్నవి ఒకట్లలో పెట్టేస్తే చాలు.

పదులూ_ఒకట్లూ
సగమే నిజం. ఒకట్లలో ఉండాల్సిన అంకెని పదుల్లోకి తీసుకెళ్తే మొత్తానికి దాని తొమ్మిది రెట్లు అదనంగా కలుస్తుంది. ఏడుసార్లు పడిన అంకెల కూడిక సగటున 24.5. పదుల్లో పెట్టిన అంకెలు కలిపి 8 అయితే అదనంగా 72 వస్తుంది, అంటే 96, 97 దగ్గర ఆగుతాం. అసలు లక్ష్యం ఆ ఎనిమిదే. 6ని పదుల్లో పెట్టేశాక ఒక 2 గానీ రెండు 1లు గానీ రావాలి, లేకపోతే ఇరుక్కుంటాం. పోనీ అని 8నే పట్టుకుని కూర్చోకూడదు. ఏడు అంకెల కూడికే 29 అయితే 101 అయిపోతుంది, అప్పుడు పదుల్లో 7 చాలు.

ఇదంతా ఇంటికిచ్చే కాగితం మీద అచ్చు వేయకండి. గుట్టు తెలిసిపోయాక ఆలోచించడానికేం మిగలదు.

ఒకటో_తరగతి_అమ్మ
మావాడికి ఆరేళ్ళు. పాచిక పడితే చుక్కలు ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కపెడతాడు. వందంటే వాడివల్ల కాదు. ఇలాంటివాళ్ళకి ఏదైనా యాప్ ఉందా?

ఆసు_నుంచి_తొమ్మిది
యాప్ ఎందుకండీ, పేక చాలు. పదులూ బొమ్మ ముక్కలూ తీసేస్తే 36 మిగులుతాయి, ఆసు అంటే 1. పన్నెండు ముక్కలు తెరిచి పరచండి. వంతులవారీగా కలిపితే 10 అయ్యే జత తీసుకుని, ఖాళీలో కొత్తవి పెట్టాలి. జతే కనిపించకపోతే ఇంకో రెండు పరచండి. ముక్క మీద గుర్తులుంటాయి కాబట్టి మొదట్లో లెక్కపెట్టుకోనివ్వండి.

అన్ని జతలూ సరిగ్గా తీస్తే చివరికి ఒక్క ముక్కా మిగలదు. 4, 7 మిగిలాయంటే మధ్యలో ఎవరో 6కీ 3కీ జత కట్టేశారన్నమాట. ఒక్కటే మిగిలితే దాని జోడీ మంచం కింద వెతకండి.

పాచికల_పెట్టె
బాగుంది, రెండూ పెడతాం. వందాటలో పిల్లలు ఎక్కడ తడబడతారు?

పదులూ_ఒకట్లూ
పదుల గడిలో 3 అని రాసి సున్నా వదిలేస్తారు, చివర్లో అన్నీ ఒకట్లలాగే కూడేస్తారు. మొత్తం 20, 30 దగ్గర ఆగిపోయిందంటే చాలావరకు అదే. పదుల గళ్ళలో సున్నా ముందే అచ్చు వేయించండి. కాగితం మీద ఏడు వరసలే ఉంటే ఎన్నోసారి వేస్తున్నామో కూడా మర్చిపోరు. కూడిక చివరిదాకా ఆపకుండా, ప్రతిసారీ పక్కన మొత్తం రాయించండి. వందకి ఇంకెంత కావాలో తెలియకపోతే వాళ్ళు పెట్టేది గుడ్డి లెక్కే.

పెద్దవాళ్ళతో ఇంకో చిక్కు. "అది పదుల్లో పెట్టు" అని పక్కనుంచి చెప్పేస్తుంటారు. వాళ్ళ చేతిలోనూ ఓ కాగితం పెట్టండి, తమ ఆటలో పడి ఊరుకుంటారు.

గళ్ళనోటుబుక్
వంద దాటితే అవుట్ అనేది నాకు నచ్చదు. 92 కంటే 103 దగ్గర కదా? తేడా చూసి గెలుపు ఇస్తే తీసివేత కూడా వస్తుంది.

పదులూ_ఒకట్లూ
వస్తుంది, కానీ హద్దు లేకపోతే చివరి రెండుసార్లలో ఉండే జంకు పోతుంది. ఆటంతా అక్కడే ఉంది.

ఆసు_నుంచి_తొమ్మిది
మొదటి ఆట తేడాతో, రెండోది అవుట్‌తో ఆడించి చూడండి. ఇంట్లో దేంతో ఆడాలో పిల్లలే తేల్చుకుంటారు.