కాస్టిక్ 4 గ్రాములు సరిగ్గా తూచినా 0.1 మోలార్ ఎందుకు రావడం లేదు?

మాధవి: అందరికీ నమస్కారం. ఫార్మా క్యూసీలో కొత్తగా చేరాను. సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు 4.00 గ్రాములు తూచి లీటరుకు కలిపాను, అంటే లెక్క ప్రకారం 0.1 మోలార్. కేహెచ్‌పీతో, అంటే పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో, ఫినాఫ్తలీన్ వేసి టైట్రేట్ చేస్తే ఇలా వచ్చింది. ముందున్నది కేహెచ్‌పీ తూకం, తర్వాతది పట్టిన కాస్టిక్.

0.5105 గ్రా. – 26.25 మి.లీ.
0.5012 గ్రా. – 25.80 మి.లీ.
0.4987 గ్రా. – 24.90 మి.లీ.

మొదటి రెండూ 0.0952, 0.0951. మూడోది 0.0981. తూకం సరిగ్గానే ఉన్నప్పుడు 0.1 ఎందుకు రాలేదు? మూడోది ఎందుకు అంత తేడాగా ఉంది? రేపు రిపోర్ట్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

శ్రీకాంత్: గుళికలకు తేమ పట్టి ఉంటుందండీ. ఓవెన్‌లో కాసేపు పెట్టి తూచండి, 0.1 వచ్చేస్తుంది. కేహెచ్‌పీ లేకపోతే ఆక్సాలిక్ ఆమ్లం వాడినా ఒకటే.

రామారావు మాస్టారు: తేమ సంగతి నిజమే శ్రీకాంత్, కానీ ఓవెన్ దానికి మందు కాదు. కాస్టిక్ నీటిని అంత తేలిగ్గా వదలదు. పైగా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని పైపొర కార్బొనేట్‌గా మారుతుంది, ఓవెన్ వేడికి అది పోదు. అమ్మా మాధవీ, మీరు తూచిన 4 గ్రాముల్లో కాస్టిక్ ఎంత, నీరు ఎంత, కార్బొనేట్ ఎంత అన్నది త్రాసు చెప్పలేదు. మీ తూకంలో తప్పు లేదు, తూచిన వస్తువే నికరమైనది కాదు.

తెలిసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సరిచూసుకోవచ్చు కదా అంటారు. ఆ ఆమ్లం గాఢత మీకు ఎలా తెలిసింది? ఇంకో ద్రావణంతో. దానిది? ఈ వరస ఎక్కడో ఒకచోట తూకంతోనే మోల్‌ల సంఖ్య నమ్మకంగా తెలిసే వస్తువు దగ్గర ఆగాలి. దాన్నే ప్రైమరీ స్టాండర్డ్ అంటున్నాం. కేహెచ్‌పీ గాలిలో తేమ పట్టదు, 110–120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టినా చెడదు. డెసికేటర్‌లో చల్లార్చి తూస్తే 204.22 గ్రాములకు ఒక మోల్ అని ధీమాగా లెక్క వేయొచ్చు. కాబట్టి మీ ద్రావణం 0.0952 అనే రాసుకోండి. 0.1కి లాగాల్సిన పని లేదు.

శ్రీకాంత్: మరి ఆక్సాలిక్ ఆమ్లం? ఇంటర్ ల్యాబుల్లో అంతా అదే కదా మాస్టారూ.

రామారావు మాస్టారు: పనికొస్తుంది. కానీ దాని స్ఫటికాల్లో రెండు నీటి అణువులు ఉంటాయి. ఓవెన్‌లో పెడితే అవి పోతాయి, అందుకే ఆరబెట్టి తూచే వీలు లేదు. ఇంకొకటి, 25 మి.లీ. కాస్టిక్‌కు కేహెచ్‌పీ 0.51 గ్రాములు కావాలి, ఆక్సాలిక్ ఆమ్లం 0.16 చాలు. త్రాసులో 0.2 మిల్లీగ్రాముల తేడా వస్తే మొదటిదానిలో 0.04 శాతం, రెండోదానిలో 0.13 శాతం దెబ్బ. నేను కేహెచ్‌పీ వైపే.

జానీ బాషా: నాది పాల సేకరణ కేంద్రం. మేము పాల పులుపు చూడటానికి 0.1 నార్మల్ కాస్టిక్ వాడతాం. మేము కూడా పాలలో కేహెచ్‌పీ వేయాలా?

సుజాత: పాలలో కాదు బాషా అన్నా, మీ కాస్టిక్ సీసాను పరీక్షించడానికి. అది గాలి తగిలి 0.09కి దిగిపోయిందనుకోండి, 0.14 శాతం పులుపున్న పాలు 0.155 పైన చూపిస్తాయి. రైతు మంచి పాలే తెచ్చినా పులిసినట్టు రాసేస్తారు.

మాధవి గారూ, మూడో ఫ్లాస్క్‌లో గులాబీ రంగు నిలిచిందా?

మాధవి: లేదు మేడమ్, రీడింగ్ రాసేలోపే పోయింది. అప్పటికే కొలత తీసేసుకున్నాను.

సుజాత: అయితే అడుగున కరగని పలుకులు ఉండి ఉంటాయి. మొదటి రెండింటి లెక్కన 25.65 దాకా పోవాలి. ఆ 0.75 మి.లీ. తేడాకు దాదాపు 15 మిల్లీగ్రాముల కేహెచ్‌పీ సరిపోతుంది. నాలుగైదు పలుకులే. పూర్తిగా కరిగాకే బ్యూరెట్ తిప్పండి. లేత గులాబీ రంగు అర నిమిషం నిలవాలి.

రామారావు మాస్టారు: కావచ్చు. తూకం కాగితానికి పొడి అంటుకుని ఉండిపోయినా ఇదే తేడా వస్తుంది. నీళ్లు కాచి చల్లార్చినవి కాకపోతే అందులోని కార్బన్ డయాక్సైడ్ వల్ల కూడా రంగు పోతుంది. కానీ అప్పుడు కాస్టిక్ ఎక్కువ పడుతుంది, ఇక్కడ తక్కువ పట్టింది. రంగు పోయిందన్న ఒక్క ఆధారంతో తేల్చలేం.

మాధవి: ఫ్లాస్క్ పారబోశాను, ఇక చూసే వీల్లేదు. మూడోదాన్ని కారణం రాసి పక్కన పెట్టొచ్చా?

సుజాత: కారణం ఖాయంగా తెలియదు కదా. మీ ఎస్ఓపీ ఏమంటుందో చూసి, తాజాగా ఇంకోసారి చేసి ఇవ్వండి.

జానీ బాషా: నా త్రాసు గ్రాములో వందో వంతు దాకే చూపిస్తుంది. నాకు దారి ఉందా?

సుజాత: ఉంది. ఆరబెట్టిన కేహెచ్‌పీ 5.11 గ్రాములు తూచి 250 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్క్‌లో గీత దాకా నింపండి, 0.1 వస్తుంది. అందులోంచి 25 మి.లీ. పిపెట్‌తో తీసి టైట్రేట్ చేయండి. త్రాసు వల్ల వచ్చే తేడా 0.2 శాతమే, పాలకు అది చాలు. సీసా మాత్రం ప్లాస్టిక్‌దే వాడండి. గాజు బిరడా అయితే కాస్టిక్‌కు బిగుసుకుపోతుంది.