టీడీఎస్ కోశారు, జమ కనిపించడం లేదు: డిమాండు కట్టేయాలా, సరిదిద్దమని అడగాలా?

నెలజీతం: 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరానికి జులైలోనే రిటర్ను వేశాను. మొత్తం పన్ను 1,12,000, జీతంలో కోసింది 1,24,000. పన్నెండు వేలు వెనక్కి రావాలి. రిటర్ను చూశాక శాఖ పంపే 143(1) ఇంటిమేషన్ నవంబరులో వచ్చింది: రిఫండ్ లేదు సరికదా, నేనే 27,130 కట్టాలట! జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల టీడీఎస్ 36,000 వాళ్ల లెక్కలోకి రాలేదు. ఆ సంస్థలో ఉద్యోగం మానేశాను. తప్పు సరిదిద్దమని వెంటనే రెక్టిఫికేషన్ వేయాలా, కట్టేసి తర్వాత తేల్చుకోవాలా?

సూటిమాట: ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. యజమాని కోసిన పన్నును ఉద్యోగి దగ్గర మళ్లీ వసూలు చేయకూడదని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 205వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. పే స్లిప్పులు దాచుకుని ఆ నోటీసు సంగతే మరచిపోండి.

లెక్కల మాస్టారు: మరచిపోతే ఎలాగండీ? ముందు ఆ అంకె ఎలా వచ్చిందో చూద్దాం. వాళ్ల లెక్కలో మీ పేరిట జమైనది 88,000. పన్నులోంచి అది తీసేస్తే 24,000 తక్కువ పడింది. దాని మీద 234బి కింద ఏప్రిల్ నుంచి నవంబరు వరకు నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ 1,920. ముందస్తు పన్ను వాయిదాలు కట్టలేదని 234సి కింద ఇంకో 1,212. కూడితే 27,132, దాన్ని పదులకు సవరించారు. అంటే కూడికలో తప్పు లేదు, వాళ్లకు అందిన సమాచారంలోనే లోటుంది. ఈ తేడా తెలియకుండా రెక్టిఫికేషన్ వేస్తే అదే సమాధానం తిరిగొస్తుంది.

తీరిక లేదు: నాదీ అదే బాధ! రిఫండ్ మంజూరైందని సందేశం వచ్చి నెలలు గడిచాయి, ఖాతాలో పడలేదు. నేను కూడా రెక్టిఫికేషన్ వేయాలా?

పాత గుమాస్తా: తీరిక లేదు గారూ, మీది వేరే సంగతి. మంజూరై డబ్బు పడలేదంటే మీ రిటర్నులో తప్పు లేనట్టే, బ్యాంకు దగ్గర ఆగింది. పోర్టల్‌లో ఖాతా వ్యాలిడేట్ అయిందో లేదో చూడండి. బ్యాంకు విలీనమై ఐఎఫ్ఎస్‌సీ మారినా ఆగుతుంది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి పాస్‌బుక్కులో పొడి అక్షరాలతో సరిపెట్టినా ఆగవచ్చు. మన పేర్లకు ఈ తంటా ఎక్కువ. ఖాతా వివరాలు సరిచేశాక `Refund Reissue` కింద అడగాలి, రెక్టిఫికేషన్‌తో పని లేదు. పాన్, ఆధార్ అనుసంధానం అయిందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

ఇక నెలజీతం గారికి. 154 సెక్షన్ కింద సరిదిద్దేది రికార్డులో కంటికి కనిపించే తప్పును మాత్రమే. రిటర్నులు పరిశీలించే బెంగళూరు సీపీసీకి కనిపించే రికార్డు మీ 26ఏఎస్, అంటే మీ పాన్ మీద చేరిన పన్ను వివరాల పట్టిక; మీ పే స్లిప్పు కాదు. అందుకని ముందు 26ఏఎస్ తెరచి ఆ మూడు నెలల వరుసలు అసలు ఉన్నాయా, ఉంటే పక్కన ఏ అక్షరం ఉందో చెప్పండి.

సూటిమాట: నాలుగేళ్ల గడువు ఉంది కదా, ఇంత హడావుడి ఎందుకు?

పాత గుమాస్తా: గడువు నిజమే. ఇంటిమేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్లు, అంటే 2029 మార్చి 31 దాకా. కానీ ముప్పై రోజులు దాటాక డిమాండు మీద నెలకు ఒక శాతం వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అప్పీలుకు వెళ్లాలన్నా ముప్పై రోజులే. మీరు చెప్పిన 205 కూడా సరైనదే. కాకపోతే ఆ సెక్షన్ కంప్యూటరుకు తెలియదు. స్పందించకుండా వదిలేస్తే వచ్చే ఏడాది రిఫండ్‌ను 245 కింద ఈ బాకీకి సర్దుతామని నోటీసు పంపుతుంది. దానికి జవాబివ్వడానికి ఉండేది 21 రోజులు. అదీ చూసుకోకపోతే ఆ రిఫండ్ కూడా పోయినట్టే.

నెలజీతం: చూశానండి. మూడు వరుసలూ ఉన్నాయి, నెలకు పన్నెండు వేలు. పక్కన U అని ఉంది. మిగతా వాటి పక్కన F.

పాత గుమాస్తా: అయితే సగం దారి తెలిసింది. వరుసే లేకపోతే మీ పాత సంస్థ వాళ్లు టీడీఎస్ స్టేట్‌మెంటు దాఖలు చేయలేదనో, మీ పాన్ తప్పు రాశారనో అనుకోవాలి. U అంటే మీ పేరు రాసి స్టేట్‌మెంటు వేశారు గానీ దానికి సరిపోయే చలానా దొరకలేదని. డబ్బు కట్టి వివరాలు తప్పు రాశారా, అసలు కట్టలేదా అన్నది చలానా చూస్తే తేలుతుంది. అకౌంట్స్ వాళ్లకు మెయిల్ రాసి కట్టిన బ్యాంకు శాఖ బీఎస్ఆర్ కోడ్, కట్టిన తేదీ, చలానా సంఖ్య అడగండి. కట్టినవాళ్లు వెంటనే ఇస్తారు. కట్టనివాళ్లు 'ఆడిటరు ఊళ్లో లేరు' అంటారు.

కట్టి ఉంటే వాళ్లు టీడీఎస్ పోర్టల్ ట్రేసెస్‌లో సవరణ స్టేట్‌మెంటు వేయాలి. U కాస్తా F అయ్యాక మీరు రెక్టిఫికేషన్‌లో `Reprocess the return` ఎంచుకుంటే చాలు, అంకెలేమీ మార్చనక్కరలేదు. ఆ అక్షరం మారకముందే వేయవద్దు. ఒక దరఖాస్తు పరిశీలనలో ఉండగా అదే సంవత్సరానికి ఇంకొకటి వేయడానికి పోర్టల్ ఒప్పుకోదు. దాన్ని తేల్చడానికి శాఖకు ఆరు నెలల గడువు ఉంది. తొందరపడితే ఆ కాలం వృథా.

లెక్కల మాస్టారు: డిసెంబరు 31 లోపు రివైజ్డ్ రిటర్ను వేసి, ఆ 36,000 తీసేసి తేడా కట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

పాత గుమాస్తా: గొడవ వదులుతుంది మాస్టారూ, దానితో పాటు 36,000 కూడా వదులుతుంది. కోసిన పన్నును కోయలేదని స్వయంగా సంతకం పెట్టినట్టవుతుంది. రివైజ్డ్ రిటర్ను తన లెక్కలో తనే తప్పు రాసుకున్నవాళ్లకు. ఈయన రాసింది సరిగ్గానే ఉంది.

ఇప్పుడు చేయాల్సింది `Response to Outstanding Demand` లోకి వెళ్లి డిమాండుతో ఏకీభవించడం లేదని నమోదు చేయడం. మూడు నెలల పే స్లిప్పులు, కోత పోను జీతం పడినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంటు జత చేయండి. ఫారం 16లోని 'పార్ట్ ఎ' ట్రేసెస్ నుంచే రావాలి కాబట్టి అందులో ఈ మొత్తం ఉండకపోవచ్చు, దానికోసం ఆగవద్దు. అవే కాగితాలతో మీ పరిధిలోని అసెసింగ్ ఆఫీసరుకు దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

నెలజీతం: అకౌంట్స్‌కు రాశాను. 'వచ్చే వారం చూస్తాం' అన్నారు. ఒకవేళ అసలు కట్టకపోయి ఉంటే?

సూటిమాట: అందుకే చెప్పాను, 205!

పాత గుమాస్తా: అప్పుడు మీ మాటకే బలం ఎక్కువ. ఇలాంటి డిమాండును బలవంతంగా వసూలు చేయవద్దని ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు, అంటే సీబీడీటీ, 2015 జూన్‌లోనే అధికారులకు సూచించింది. రిఫండ్‌ను సర్దుకోవడం కూడా దొడ్డిదారి వసూలేనని 2023లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. దరఖాస్తులో ఆ రెండూ ప్రస్తావించండి.

లెక్కల మాస్టారు: వసూలు చేయరు, సరే. మరి ఆయనకు రావలసిన పన్నెండు వేలు? ఖజానాకు చేరని డబ్బును ప్రభుత్వం రిఫండ్‌గా ఎలా ఇస్తుంది? 205 వసూలును ఆపుతుంది గానీ జమ ఇవ్వమని చెప్పదు. జమ ఎంత ఇవ్వాలో చెప్పే 37బిఎ నిబంధన యజమాని ఇచ్చిన సమాచారాన్నే ఆధారం చేసుకుంటుంది.

సూటిమాట: కోసింది ప్రభుత్వం తరఫున. యజమాని ఎగ్గొడితే ప్రభుత్వం యజమానినే పట్టుకోవాలి. జమ ఇవ్వాల్సిందేనని 2021లో గుజరాత్ హైకోర్టు అన్నది.

పాత గుమాస్తా: అన్నది. అయినా హైదరాబాదులో కూర్చున్న అసెసింగ్ ఆఫీసరు గుజరాత్ తీర్పు చూసి వెంటనే సంతకం పెడతాడని నేను హామీ ఇవ్వలేను. డిమాండును ఆపించడం దరఖాస్తుతో అయ్యే పని. పన్నెండు వేలు రాబట్టాలంటే అప్పీలు దాకా వెళ్లాల్సి రావచ్చు, అందుకు ఆ ముప్పై రోజులను చేజారనివ్వవద్దు. నెలజీతం గారూ, ఇంటిమేషన్ మీకు ఏ తేదీన అందింది?