నలుగురిలో ముందు ఎవరి దగ్గరికి? స్టాఫ్ నర్స్ ఇంటర్వ్యూ ప్రశ్న

కాజీపేట_జీఎన్ఎం:
సోమవారం హన్మకొండలో ఇంటర్వ్యూ ఉంది. అక్కడ ఈ ప్రశ్న అడుగుతారని సీనియర్ అక్క చెప్పింది. నైట్ డ్యూటీ ఎక్కగానే వార్డులో నలుగురు. సిజేరియన్ అయి రెండు గంటలైన బాలింతకు పల్స్ 90 నుంచి 124కి పెరిగింది, బీపీ 100/70, దాహం అంటోంది. సీఓపీడీ పెద్దాయనకు శాచురేషన్ 90. షుగర్ 62కి పడి చెమటలు పడుతున్నా ఒకామె బాగానే మాట్లాడుతోంది. కాలు విరిగిన అబ్బాయి నొప్పితో అరుస్తున్నాడు. ముందు ఎవరు? ఎలా చెప్పాలి? జీతం ఎప్పుడు అడగాలి?

జమ్మికుంట_బ్రదర్:
ఏబీసీ మరిచిపోయారా? ఊపిరే ముందు. పెద్దాయనకు ఆక్సిజన్ పెంచాలి.

లేబర్‌రూమ్_అక్క:
తమ్ముడూ, పెంచితే ఆయన మత్తులోకి జారుకునే ప్రమాదం ఉంది. సీఓపీడీలో 88 నుంచి 92 చాలు.

జమ్మికుంట_బ్రదర్:
మా ఐసీయూలో అందరికీ 94 పైనే ఉంచమంటారు. మేము చదువుకోకుండా వచ్చామా?

లేబర్‌రూమ్_అక్క:
ఆ లెక్క సీఓపీడీ లేనివాళ్లది. నేను ఎంతమంది కొత్త పిల్లలకు ట్రైనింగ్ ఇచ్చానో మీకు తెలియదు.

కరీంనగర్_ఐసీయూ:
ఇద్దరూ ఆగండి. ఆయన మామూలుగా మాట్లాడుతుంటే అక్క చెప్పిందే కరెక్ట్. ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోయినా, మగతగా ఉన్నా జవాబు మారుతుంది. ఆ విషయం ప్యానెల్‌ను తిరిగి అడగండి, మార్కులు అక్కడే ఉంటాయి.

పరకాల_చెల్లి:
సర్కారు స్టాఫ్ నర్స్ పోస్టుకు రాత పరీక్షే కదా, ఇంటర్వ్యూ ఎందుకు?

కాజీపేట_జీఎన్ఎం:
ఇది ప్రైవేటు. బాలింత బీపీ నార్మలే కదా అక్కా?

లేబర్‌రూమ్_అక్క:
అక్కడే మోసపోతారు. రక్తం పోతుంటే ముందు పల్స్ పెరుగుతుంది, బీపీ ఆఖర్న పడుతుంది. పల్స్‌ను పై బీపీతో భాగించు: 124ను 100తో భాగిస్తే 1.24. 0.9 దాటితే చాలు, జాగ్రత్త పడాలి. ఇలా చెప్పు: "ముందు బాలింత దగ్గరికి వెళ్తాను. సాయం కోసం పిలుస్తూనే పొట్ట మీద చేయి పెట్టి గర్భసంచి గట్టిగా ఉందా చూస్తాను. మెత్తగా ఉంటే మసాజ్ మొదలుపెడతాను. ప్యాడ్ ఒక్కటే కాదు, నడుము కింద చేయి పెట్టి చూస్తాను, రక్తం అక్కడ చేరుతుంది. పెద్ద క్యాన్యులా పెట్టి డాక్టర్‌కు పల్స్ ఎంత నుంచి ఎంతకు పెరిగిందో చెప్తాను." గర్భసంచి గట్టిగా ఉండి, బయట రక్తం కనిపించకపోయినా వదలొద్దు. పొట్ట లోపల కారుతుండవచ్చు.

మా_అమ్మకు_షుగర్:
చెమటలు పడుతున్న ఆమెను వదిలేస్తారా? మా అమ్మను అలాగే కూర్చోబెట్టారు, కళ్లు తిరిగి పడిపోయింది.

కరీంనగర్_ఐసీయూ:
వదలకూడదు. మింగగలుగుతోంది కాబట్టి జూనియర్‌తో మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించాలి, 15 నిమిషాలకు మళ్లీ షుగర్ చూడాలి. ఈ పని ఎవరికి అప్పగించారో జవాబులో తప్పకుండా చెప్పండి.

జమ్మికుంట_బ్రదర్:
నైట్‌లో వార్డుకు ఒక్కరే ఉంటారు, ఏ జూనియర్?

లేబర్‌రూమ్_అక్క:
పక్కనున్న అటెండెంట్ చేత తాగించండి.

కరీంనగర్_ఐసీయూ:
ఒప్పుకోను. రేపు ఏదైనా అయితే సంతకం నర్సుదే. ఆ మంచం మీదుగా వెళ్తూ గ్లాసు మనమే చేతికివ్వాలి.

లేబర్‌రూమ్_అక్క:
ఆలోపు బాలింతకు ఎంత రక్తం పోతుందో మీకు తెలుసా?