ఓణీల ఫంక్షన్ వీడియో: ఫోన్ రంగుల్ని కెమెరాకి కలపాలా, కెమెరా రంగుల్ని ఫోన్‌కి కలపాలా?

కేఆర్‌పురం కుమారి:
మారతహళ్ళిలో మా చుట్టాలమ్మాయి ఓణీల ఫంక్షన్. ఎదురుగా సోనీ ఏ6400తో నేను, ఎస్-లాగ్3లో తీశా. పక్క నుంచి ట్రైపాడ్ మీద తమ్ముడి ఐఫోన్ 13, హెచ్‌డీఆర్ ఆన్‌లోనే ఉండిపోయింది. డావించీ రిజాల్వ్‌లో రెండిటికీ ఒకే లట్ వేశా. కెమెరాలో అమ్మాయి బాగుంది, ఫోన్‌లో మాత్రం మొహం మండిపోతోంది. వీడియోలో ముప్పావు వంతు కెమెరాదే. ఇప్పుడు రంగుల్లో దేన్ని దేనికి కలపాలి?

రాజు కట్స్:
ముందు ఫోన్ క్లిప్ మీద ఆ లట్ తీసెయ్యండి. అది ఎస్-లాగ్3 కోసం చేసింది. లాగ్ బొమ్మ చప్పగా ఉంటుందని దానికి కాంట్రాస్ట్, రంగు ఎక్కిస్తుంది. ఫోన్ బొమ్మలో అవి ముందే ఉన్నాయి, మళ్ళీ ఎక్కిస్తే మండకేం చేస్తుంది?

ఇక అసలు ప్రశ్నకి నా ఓటు కెమెరాని ఫోన్‌కి కలపడానికే. ఫోన్ ఫుటేజ్ వండేసిన అన్నం, లాగ్ అంటే బియ్యం. అన్నాన్ని మళ్ళీ బియ్యం చెయ్యలేం, బియ్యాన్ని మాత్రం ఎలా కావాలంటే అలా వండుకోవచ్చు. అందరూ ఎక్కువ ఫుటేజ్ ఉన్న కెమెరాకే మిగతావి కలపమంటారు గానీ, కదలనిదాని దగ్గరికి కదిలేది వెళ్ళాలి.

ఆల్బమ్ అప్పారావు:
నాదీ ఇదే బాధ అండి. రెండు కెమెరాల ఫోటోలు ఆల్బమ్‌లో పక్కపక్కన పెడితే ఒక పేజీ పసుపు, ఒక పేజీ తెలుపు. ల్యాబ్‌కి పంపే ముందు ఏం చెయ్యాలి?

వేళచేరి వాణి:
అప్పారావు గారూ, ఇక్కడ మాట్లాడేది వీడియో గురించి. మీరు రా ఫైళ్ళు తీసి ఉంటే రెండిట్లో ఒకే వస్తువు మీద వైట్ బ్యాలెన్స్ నొక్కండి, సగం తీరిపోతుంది. మిగతాది వేరే థ్రెడ్‌లో అడగండి.

సాలిగ్రామం సూరి:
రాజు గారి బియ్యం మాట బాగుంది. కానీ ఏ6400లో వీడియో 8-బిట్. అంటే అవి బియ్యం కావు, నూకలు. ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. ఎస్-లాగ్3 ఆ కాసిని మెట్లనీ హాల్లో చీకటి మూల నుంచి కిటికీ వెలుగు దాకా పంచేస్తుంది, మొహానికి దక్కేవి కొన్నే. వాటిని ఫోన్ రంగు వైపు గట్టిగా లాగితే వెనక గోడ మీద మెత్తగా మారాల్సిన వెలుగు పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. మీ గోడ క్రీమ్ రంగు అయితే ఇంకా బాగా కనబడుతుంది. విచిత్రమేమిటంటే, హెచ్‌డీఆర్‌లో తీసిన మీ ఫోన్ ఫైలే 10-బిట్, దానికి 1024 మెట్లు.

అలాగని ఫోన్ ఎటు లాగితే అటు వస్తుందని కాదు. దాని ఇబ్బంది మెట్లలో లేదు. ఫోన్ బొమ్మలో చోటుకో రకంగా వెలుగు సర్దుతుంది. మొహం చీకటిగా ఉంటే అక్కడ లేపుతుంది, కిటికీ మండుతుంటే అక్కడ దించుతుంది. కెమెరాకి ఆ తెలివి లేదు, అందుకే అది ఫ్రేమంతా ఒకే తీరుగా ఉంటుంది. ఒక్క స్లైడర్‌తో ఫోన్‌ని కెమెరాలా మార్చలేకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి కెమెరాని మామూలు బొమ్మ చేసి అక్కడితో ఆపండి. ఫోన్‌ని దాని దగ్గరికి తీసుకురండి, మొహం కలిసే దాకా చాలు. ఫోన్ క్లిప్‌కి మొదటి నోడ్‌లో Color Space Transform పెట్టి ఇలా ఇవ్వండి:

```
Input Color Space: Rec.2020
Input Gamma: Rec.2100 HLG
Output Color Space: Rec.709
Output Gamma: Gamma 2.4
```

కెమెరాకీ అదే పని, ఇన్‌పుట్‌లో మాత్రం S-Gamut3.Cine, S-Log3. మెనూలో గామట్ వేరేది పెట్టి తీసి ఉంటే అదే ఇవ్వాలి. లట్‌లు రెండిటికీ తీసెయ్యండి. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ముందే ఆన్‌లో ఉంటే ఈ నోడ్ వద్దు, రెండుసార్లు మారి బొమ్మ పాడవుతుంది.

కేఆర్‌పురం కుమారి:
చేశాను. మంట తగ్గింది. కానీ ఫోన్‌లో మొహం ఇంకా తెల్లగా, జడ బూడిద రంగులో ఉంది. గెయిన్ తగ్గిస్తే మొహం దారికొచ్చింది గానీ కిటికీ మురికి పట్టినట్టు అయిపోయింది.

సాలిగ్రామం సూరి:
గెయిన్ పట్టుకుంటే పైనున్నవన్నీ కలిసి దిగుతాయి, కిటికీ ముందు దిగుతుంది. కెమెరా ఫ్రేమ్ ఒకటి స్టిల్‌గా పట్టి, వైప్‌లో ఫోన్ పక్కన పెట్టుకోండి. స్కోప్ వందకి పెట్టుకుని రెండు చోట్లే చూడండి: లైటు పడే వైపు చెంప, జడలో నల్లటి భాగం. ఉదాహరణకి కెమెరాలో చెంప 55, జడ 6 ఉందనుకోండి. ఫోన్‌లో చెంప 66, జడ 14 ఉందనుకోండి. ముందు లిఫ్ట్ తగ్గించి జడని 6 దగ్గరికి దించండి. దాంతో చెంప కూడా కొంచెం దిగుతుంది. మిగిలిన తేడా గామాతో తీయండి. కిటికీ ఉన్నచోటే దాదాపు ఉండిపోతుంది.

రంగు ఇంకా ముట్టుకోవద్దు. వెలుగు కలవకుండా రంగు కలిపితే, తర్వాత వెలుగు మార్చినప్పుడల్లా రంగు మళ్ళీ జరుగుతుంది.

వేళచేరి వాణి:
రంగుకి నా పద్ధతి చెబుతా. ఫంక్షన్‌లో గ్రే కార్డ్ ఎవరు పట్టుకుంటారు? పంతులుగారు ముహూర్తం దాటిపోతోందని కేకలేస్తుంటే మనం కార్డ్ ఎత్తి నిలబడతామా? తాతగారి తెల్ల పంచె చాలు. పరేడ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ పంచె దగ్గర ఒకే ఎత్తుకి తెస్తే వైట్ బ్యాలెన్స్ అయిపోయినట్టే.

రాజు కట్స్:
వాణి గారూ, పంచె తెలుపు కాదు. నీలిమందు వేసి ఉతికింది. దాన్ని తెలుపు చేస్తే మొహం పసుపెక్కుతుంది. నేనొకసారి ఇలాగే చేసి పెళ్ళికొడుకుని కామెర్లవాడిని చేశా.

సాలిగ్రామం సూరి:
ఇద్దరి మాటా సగం నిజం. ఒక్క కెమెరానే సరిచేస్తున్నప్పుడు పంచె మోసం చేస్తుంది, రాజు గారికి జరిగింది అదే. ఇక్కడ మన పని పంచెని తెలుపు చెయ్యడం కాదు, రెండు కెమెరాల్లో ఒకేలా కనబడేట్టు చెయ్యడం. కెమెరాలో మొహం నచ్చిందన్నారుగా? అయితే ఆ ఫ్రేమ్‌లో పంచె దగ్గర మూడు రంగులూ ఏ ఎత్తులో ఉన్నాయో చూడండి. నీలం నాలుగు గీతలు పైన ఉంటే ఫోన్‌లో కూడా నాలుగు గీతలు పైనే ఉంచండి. కుర్చీ కవరైనా, వెనక గోడైనా ఇదే లెక్క. షరతు ఒక్కటే, రెండు కెమెరాలకీ కనబడే ఆ వస్తువు మీద ఒకే లైటు పడాలి. పక్క నుంచి చూసే ఫోన్‌కి పంచె కిటికీ వైపుదీ, ఎదురుగా ఉన్న కెమెరాకి ఫోకస్ లైటు వైపుదీ కనబడితే ఆ పోలిక పనికిరాదు.

ఆ తర్వాత వెక్టర్‌స్కోప్‌లో చర్మం రంగు గీత చూడండి. మన వాళ్ళ చర్మం కూడా ఆ గీత పక్కనే పడుతుంది, వెలుగు మాత్రం తక్కువ ఉంటుంది. చెంప మాత్రమే పడేలా జూమ్ చేసి రెండు క్లిప్పుల మచ్చా ఒకే చోట ఉందో లేదో చూసుకోండి. దూరం తేడా ఉంటే సాచురేషన్, దిశ తేడా ఉంటే హ్యూ.

కేఆర్‌పురం కుమారి:
చెంప కలిసింది! కానీ మూడో నిమిషంలో మళ్ళీ విడిపోయింది. మేనత్త పసుపు పట్టుచీరలో వచ్చి అమ్మాయికి బొట్టు పెట్టేటప్పుడు ఫోన్ క్లిప్ అంతా చల్లగా నీలం వైపు వెళ్ళిపోయింది. ఆవిడ పక్కకి వెళ్ళాక కాసేపటికి మళ్ళీ సర్దుకుంది.

వేళచేరి వాణి:
ఆటో వైట్ బ్యాలెన్స్. ఫ్రేమ్ నిండా పసుపు పడితే అది లైటే పసుపనుకుని నీలం కలుపుతుంది. ఇదే జరిగిందని నిర్ధారించుకోవాలంటే వెనక గోడ మీద కన్నుంచి క్లిప్‌ని వేగంగా ముందుకి జరపండి. గోడ ఎక్కడికీ పోదు కదా, రంగు మారితే తప్పు ఫోన్ సెట్టింగ్‌దే.

దాన్ని కీఫ్రేములతో దిద్దుతూ కూర్చోకండి, మెల్లగా మారే రంగుని మెల్లగా వెనక్కి లాగడం నరకం. మారే చోట ఫోన్ క్లిప్ కోసి కెమెరా షాట్ వెయ్యండి. బొట్టు పెట్టేది ఎదురు నుంచే బాగుంటుంది కూడా.

ఈసారి ఫోన్ ట్రైపాడ్ ఎక్కగానే సెట్టింగ్స్‌లో కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్ళి Lock White Balance ఆన్ చేయించండి, HDR Video ఆఫ్ చేయించండి. అమ్మాయి మొహం మీద నొక్కిపట్టి AE/AF LOCK పడనివ్వండి.

రాజు కట్స్:
హెచ్‌డీఆర్ ఆఫ్ చేస్తే 8-బిట్ అయిపోదూ? సూరి గారు ఇప్పుడే 10-బిట్‌ని మెచ్చుకున్నారు.

సాలిగ్రామం సూరి:
అవుతుంది. ఎడిట్‌లో కదిపే ఓపిక ఉంటే హెచ్‌డీఆర్ ఉంచుకోండి, లేకపోతే ఆఫ్. నేనైతే ఉంచుతా. వాణి గారు ఒప్పుకోరని తెలుసు.

వేళచేరి వాణి:
ఒప్పుకోను. ఎల్లుండికి డెలివరీ ఇచ్చేవాళ్ళకి ఓపిక ఎక్కడిది? పైగా మార్పిడి మర్చిపోతే ఏం జరుగుతుందో ఈ థ్రెడ్ మొదట్లోనే చూశాం.

కేఆర్‌పురం కుమారి:
సూరి గారి లెక్క ప్రకారమే చేసి అమ్మాయి వాళ్ళమ్మకి చూపించా. మొహం గురించి ఒక్క మాటా అనలేదు. "పావడా అంచు ఇక్కడ ఊదా, అక్కడ నీలం, ఏమే, రెండు పావడాలు కట్టామా?" అంది. నిజమే, కెమెరాలో ఊదా, ఫోన్‌లో నీలం!

సాలిగ్రామం సూరి:
అది వైట్ బ్యాలెన్స్‌తో పోదు. రెండు సెన్సర్ల ముందున్న రంగు వడపోతలు వేరు. స్టేజి మీద ఎల్‌ఈడీ వెలుగు, అందులో మెరిసే పట్టు. చర్మం దగ్గర రెండూ ఒప్పందానికొచ్చినా ఊదా దగ్గర విడిపోతాయి. ఫోన్ క్లిప్‌లో హ్యూ వర్సెస్ హ్యూ కర్వ్ తీసుకుని నీలం దగ్గర రెండు పక్కలా చుక్కలు పెట్టి మధ్య చుక్కని కొంచెం ఊదా వైపు జరపండి. ఎక్కువ జరిపితే వెనక బెలూన్లు కూడా మారతాయి, చూసుకోండి.

రాజు కట్స్:
నేనైతే కెమెరాలో అంచునే నీలం వైపు తోసేవాణ్ణి. అంచు ఒక్కదాన్ని జరపడానికి నూకలైనా చాలు.

సాలిగ్రామం సూరి:
అసలు అంచు ఊదానా, నీలమా? పావడా చేతికిస్తే గానీ చెప్పలేం.

కేఆర్‌పురం కుమారి:
అది నేనూ అడిగా. "వంగపండు రంగు" అంది పిన్ని. "కాదు, నేరేడు" అంది అమ్మమ్మ.