యాక్యురసీ 98 శాతం వచ్చింది, అయినా రీకాల్ 0.30 అని దిద్దారు: పొరపాటు ఎక్కడ?

మౌనిక
మా అసైన్‌మెంట్‌కు ఇచ్చిన డేటాలో పదివేల యంత్రభాగాల కొలతలున్నాయి, వాటిలో లోపమున్నవి 200 మాత్రమే. రెండు వర్గాల నిష్పత్తి చెడకుండా ఐదో వంతును టెస్ట్ సెట్‌గా పక్కన పెట్టి, లాజిస్టిక్ రిగ్రెషన్ నడిపితే యాక్యురసీ 98 శాతం వచ్చింది. `classification_report` చివరి వరుసలో రీకాల్ కూడా 0.98 అనే కనిపించడంతో దాన్నే నివేదికలో రాశాను. దిద్దిన అధ్యాపకులు ఆ అంకెను కొట్టివేసి, పక్కన 0.30 అని రాశారు. నాకు వచ్చిన మ్యాట్రిక్స్ ఇది. ఇందులో 0.30 ఎక్కడినుంచి వచ్చిందో ఎవరైనా చెప్పగలరా?

```
[[1948   12]
 [  28   12]]
```

పవన్
మీ అధ్యాపకులే పొరబడ్డారని నాకు అనిపిస్తోంది. మ్యాట్రిక్స్‌లో అడ్డువరుసలు మోడల్ చెప్పినవి, నిలువువరుసలు అసలువి అని మేము నేర్చుకున్నాము. ఆ లెక్కన రెండో నిలువువరుసలో 12, 12 ఉన్నాయి కాబట్టి లోపమున్నవి 24, మోడల్ పట్టుకున్నవి 12, అంటే రీకాల్ 0.50 అవుతుంది. 0.98 మాత్రం తప్పే, అందులో సందేహం లేదు.

పాతలెక్కలు
పవన్ గారు చెప్పిన అమరిక కొన్ని పుస్తకాల్లో ఉన్న మాట నిజమే కానీ, మౌనిక గారు వాడినది scikit-learn కాబట్టి ఇక్కడ అది వర్తించదు. అందులో అడ్డువరుసలు అసలు వర్గాలు, నిలువువరుసలు మోడల్ చెప్పినవి. ఎవరినీ అడగకుండానే దీన్ని సరిచూసుకోవచ్చు. పదివేలలో లోపమున్నవి 200 అయితే రెండువేల టెస్ట్ సెట్‌లో 40 ఉండాలి. రెండో అడ్డువరుసను కూడితే 28, 12 కలిసి సరిగ్గా 40 వస్తుంది, రెండో నిలువువరుసను కూడితే 24 వస్తుంది. కనుక నలభైలో పట్టుబడినవి 12, అదే రీకాల్ 0.30. మోడల్ లోపమని చెప్పిన 24లో నిజమైనవి 12, అదే ప్రెసిషన్ 0.50. అమరికను తిరగేసి చదివితే ఈ రెండూ ఒకదాని స్థానంలో ఒకటి కూర్చుంటాయి. రెండు అంకెలూ నమ్మదగినట్టే కనిపిస్తాయి కాబట్టి ఆ పొరపాటు కంటికి ఆనదు.

ఇక 0.98 సంగతి. మీరు చదివినది `weighted avg` వరుస. అది ఒక్కో వర్గం రీకాల్‌ను ఆ వర్గంలోని సంఖ్యతో తూచి సగటు తీస్తుంది. రెండు వర్గాల్లోనూ సరిగా చెప్పినవాటిని కలిపి మొత్తంతో భాగించినట్టే అవుతుంది కాబట్టి, ఆ వరుసలోని రీకాల్ ఎప్పుడూ యాక్యురసీతో సమానంగానే ఉంటుంది. అంటే నివేదికలో మీరు ఒకే అంకెను రెండు పేర్లతో రాశారు. మీరు చూడవలసినది `1` అని ఉన్న వరుస.

ఇంకొక మాట. మోడల్ ఏమీ నేర్చుకోకుండా ప్రతి భాగాన్నీ "లోపం లేదు" అని ముద్ర వేసినా 1960 సరైనవే అవుతాయి, అదీ 98 శాతమే. మీ మోడల్ 12 లోపాలను పట్టుకుంది, 12 మంచి భాగాలను తప్పుపట్టింది. యాక్యురసీ దృష్టిలో ఆ లాభనష్టాలు ఒకదానికొకటి చెల్లిపోయాయి.

శ్రీకర్
ఇంత చర్చ అవసరం లేదు. లోపమున్న వర్గానికి SMOTEతో కృత్రిమ నమూనాలు చేర్చి రెండు వర్గాలనూ సమానం చేసి, ఆ తరువాత ట్రైన్, టెస్ట్‌గా విడగొట్టండి. నా అసైన్‌మెంట్‌లో అలా చేస్తే ప్రెసిషన్, రీకాల్ రెండూ 0.95 దాటాయి.

పాతలెక్కలు
శ్రీకర్ గారూ, మీకు ఆ అంకెలు వచ్చాయంటే నమ్ముతాను, కానీ అవి మోడల్ గొప్పతనం కాకపోవచ్చు. SMOTE రెండు దగ్గరి నమూనాల మధ్య కొత్త బిందువును సృష్టిస్తుంది. విడగొట్టక ముందే అలా చేస్తే, టెస్ట్‌లోని బిందువులకు దాదాపు కవలల్లాంటివి ట్రైనింగ్‌లో చేరిపోతాయి.

అది పక్కన పెట్టినా రెండో చిక్కు మిగులుతుంది. ఒక మోడల్ 40లో 30 లోపాలను పట్టుకుని, 1960 మంచి భాగాల్లో 60ని తప్పుపట్టిందనుకోండి. ప్రెసిషన్ 90కి 30, అంటే 0.33. అదే మోడల్‌ను, మంచివి 1960, లోపమున్నవీ 1960 ఉన్న టెస్ట్ సెట్‌పై నడిపితే, పట్టుబడే వంతు మారదు కాబట్టి 1470 దొరుకుతాయి, తప్పుపట్టినవి 60గానే ఉంటాయి, ప్రెసిషన్ 0.96కు ఎగబాకుతుంది. రీకాల్ రెండుచోట్లా 0.75 మాత్రమే. మోడల్‌లో వెంట్రుకవాసి మార్పు లేదు, మారినదల్లా లోపమున్నవాటి నిష్పత్తి. అందువల్ల నమూనాలు పెంచదలిస్తే ట్రైనింగ్ భాగంలోనే పెంచాలి, టెస్ట్ సెట్ అసలు నిష్పత్తిలోనే ఉండాలి.

శ్రీకర్
కవలల సంగతి నాకు తట్టలేదు. విడగొట్టిన తరువాత మళ్లీ నడిపి చూస్తాను. అయినా `class_weight='balanced'` పెట్టడం కూడా తప్పేనంటారా?

పాతలెక్కలు
తప్పు కాదు. అయితే మోడల్ ఇచ్చే సంభావ్యతలు పైకి జరుగుతాయి కాబట్టి వాటిని నిజమైన సంభావ్యతలుగా చదవకూడదు. నేనైతే మోడల్‌ను ఉన్నట్టే ఉంచి థ్రెషోల్డ్‌ను దించుతాను.

```python
p = model.predict_proba(X_val)[:, 1]
y_pred = (p >= 0.2).astype(int)
```

`X_val` అని రాసినది కావాలనే. థ్రెషోల్డ్‌ను టెస్ట్ సెట్‌పై వెతికితే, ఆ టెస్ట్ సెట్‌కు నచ్చిన అంకె దొరుకుతుందే తప్ప కొత్త డేటాలో నిలబడే అంకె దొరకదు.

వనజ
నాది వేరే రంగం, అయినా పనికొస్తుందేమో చెబుతాను. అనుమానాస్పద లావాదేవీలను పరిశీలించే బృందంలో కొంతకాలం పనిచేశాను. రోజుకు యాభైకి మించి పరిశీలించే మనుషులు మాకు లేరు. అందువల్ల థ్రెషోల్డ్‌ను ఏ సూత్రమూ నిర్ణయించలేదు, రోజుకు దాదాపు యాభై వచ్చే చోట దాన్ని నిలిపేవాళ్లం. ప్రెసిషన్ 0.33 అని వింటే బయటివారికి చెడ్డగా తోస్తుంది కానీ, మూడు చూస్తే ఒకటి దొరకడమంటే మాకు ఎంతో మేలు, ఎందుకంటే ఏ మోడలూ లేకుండా చూస్తే వందల్లో ఒకటి కూడా దొరికేది కాదు.

పవన్
అలాంటి పరిమితి అసైన్‌మెంట్‌లో ఎవరూ ఇవ్వరు కదా. అప్పుడు F1 ఎక్కువగా ఉన్న చోట ఆగడమే న్యాయం.

వనజ
F1 రెండింటికీ ఒకే విలువ ఇస్తుంది. లోపమున్న భాగం ఒకటి యంత్రంలోకి చేరడమూ, మంచి భాగాన్ని ఇంకోసారి పరీక్షించడమూ సమానమైన నష్టాలని ఎవరు తేల్చారు?

పవన్
ఆ రెండింటిలో దేని ఖర్చెంతో ప్రశ్నపత్రంలో లేనప్పుడు, ఊహించి రాస్తే దిద్దేవారు ఒప్పుకుంటారా అన్నదే నా సందేహం.

మౌనిక
వాలిడేషన్ సెట్‌పై వెతికితే 0.2 బాగున్నట్టు తేలింది. దాన్ని టెస్ట్‌పై ఒక్కసారి నడిపితే లోపమున్న 40లో 29 పట్టుబడ్డాయి, తప్పుపట్టినవి 63. రీకాల్ 0.73కు దగ్గరగా, ప్రెసిషన్ 0.32కు దగ్గరగా వచ్చాయి. యాక్యురసీ 96.3 శాతానికి తగ్గింది, అంటే ఏమీ నేర్వని మోడల్ కన్నా తక్కువ. ఇది నివేదికలో రాయడానికి మొదట చేయి రాలేదు.

పాతలెక్కలు
అలాగే రాయండి, పక్కనే మ్యాట్రిక్స్ కూడా ఇవ్వండి. రీకాల్‌ను మాత్రం మూడు దశాంశాల దాకా రాయకండి. మీ దగ్గర ఉన్నవి 40 లోపాలే, ఒక్కటి అటుఇటైతే రీకాల్ 0.025 కదులుతుంది. ఆ 40 వేరేవి వచ్చి ఉంటే 0.6 కూడా రావచ్చు, 0.85 కూడా రావచ్చు.

మౌనిక
అందుకే ఐదు భాగాల క్రాస్ వాలిడేషన్ కూడా చేశాను, థ్రెషోల్డ్ 0.2గానే ఉంచాను. రీకాల్ ఒక భాగంలో 0.65, ఇంకొక దాంట్లో 0.80. ఖర్చుల విషయంలో పవన్ గారి సందేహమే నాదీ. రేపు అధ్యాపకులను అడిగి, ఆయన చెప్పినది ఇక్కడ రాస్తాను.