మే నెల పెళ్లి, మోకాళ్లు దాటిన జుట్టు: పూలజడ సాయంత్రం దాకా నిలవాలంటే ఏం చేయాలి?

కాకినాడ అమ్మాయి:
మే నెలలో ఉదయం తొమ్మిదిన్నరకు నా పెళ్లి ముహూర్తం. మండపం కాకినాడలోనే, చల్లదనానికి ఫ్యాన్లు తప్ప మరేమీ లేవు. నా జుట్టు మోకాళ్లు దాటుతుంది, ఒత్తు కూడా ఎక్కువే. నిశ్చితార్థానికి పార్లరు ఆవిడ ముందు వెంట్రుకలను వేడితో ఉంగరాలు తిప్పి, వెనుక పెద్ద ముడి వేశారు. గంటన్నరలో ఉంగరాలన్నీ సాగిపోయి, ముడి మెడ మీదికి జారింది. పెళ్లినాడు సాయంత్రం వరకు నిలిచేలా ఎలా సిద్ధం కావాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

గోదావరి గృహిణి:
దీనికి ఇంత ఆలోచన అనవసరం. తలకు కొబ్బరినూనె బాగా పట్టించి జడ వేస్తే తేమ దగ్గరికే రాదు. మా పెళ్లిళ్లన్నీ అలాగే జరిగాయి.

జడల సరళ:
ఇరవై ఏళ్లుగా పెళ్లిజడలు వేస్తున్నాను. నూనె వెంట్రుకలోకి తేమ చేరడాన్ని కొంత తగ్గిస్తుందన్న మాట నిజమే, కానీ బాగా పట్టిస్తే పిన్నులు నిలవవు, రాగిడి పక్కకు ఒరుగుతుంది. ముందురోజు తలస్నానానికి ముందు రాసుకుని కడిగేయండి, పెళ్లినాడు మాత్రం వద్దు.

వేడితో తిప్పిన ఉంగరం గాలిలో తేమ తగలగానే విడిపోతుంది, ఎంత స్ప్రే కొట్టినా ఉక్కపోతలో అది ఆలస్యమవుతుందే గాని ఆగదు. జడ అలా కాదు, పాయ మీద పాయ బిగిసి నిలుస్తుంది. అందువల్ల మీకు జడే తగినది.

అయితే ఒత్తైన జుట్టుకు అసలు ముప్పు లోపలి తడి. పోయిన వేసవిలో ఒక వధువు తెల్లవారుజామున నాలుగింటికి తలారా స్నానం చేసి కూర్చుంది. పైన ఆరినట్టే ఉందని ఆరింటికి జడ వేశాను. తడికి ఉబ్బిన వెంట్రుక ఆరేకొద్దీ సన్నబడుతుంది కదా, పదకొండింటికి జడ వదులై పూలజడ ఒక పక్కకు తిరిగిపోయింది. అప్పటినుంచి మెడ మీది జుట్టును ఎత్తి, అడుగు పొరలో అరచేయి పెట్టి చూస్తున్నాను. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

ఒక అమ్మ:
మా అమ్మాయిది పల్చని జుట్టండీ. ఎంత పొడవు సవరం కొనాలి?

జడల సరళ:
అమ్మా, ఇక్కడి అమ్మాయికి సవరం అక్కరలేదు. మీ అమ్మాయి సంగతి వేరుగా రాయండి, చెబుతాను.

ఇక బరువు విషయం. తడి మల్లెలతో కట్టిన పూలజడ చేతికే బరువుగా తెలుస్తుంది. దాన్ని పైన నాలుగు పిన్నులతో వేలాడదీస్తే మధ్యాహ్నానికి తలనొప్పి తప్పదు. నేను నడినెత్తికి కొంచెం వెనుక ఒక చిన్న పాయను తీసి, మెలిపెట్టి గట్టి ముడిగా చుడతాను. పిన్నులను ఆ ముడిలోకే ఒకదానికొకటి అడ్డంగా దించుతాను. ఆ తర్వాత పూలజడను జానెడుకొక చోట దారంతో అసలు జడకే కుడతాను. అప్పుడు బరువు జడంతా పంచుకుంటుంది.

కొత్త కోడలు:
నాకు జరిగింది కూడా చెబుతాను. నా తల మీద స్ప్రే ఎక్కువ కొట్టడం వల్ల పసుపు తలంబ్రాలు అతుక్కుపోయి, వాటిని ఏరడానికి రాత్రి చాలాసేపు పట్టింది. జీలకర్ర బెల్లం పెట్టే నడినెత్తి మీద రాగిడి పెట్టించుకోకండి. నాకు ఆ తడి రాళ్ల సందుల్లోకి దిగి, నల్లని చీమలు వచ్చాయి.

కాకినాడ అమ్మాయి:
మా ఇంట్లో పెళ్లినాటి ఉదయం మంగళస్నానం తప్పనిసరి. నాయనమ్మ తల తడవాల్సిందేనంటున్నారు.

జడల సరళ:
కొన్ని ఇళ్లలో నెత్తిన నాలుగు చుక్కలు చిలకరించి, నీళ్లు ఒంటి మీదే పోస్తారు. ఒప్పుకుంటే అదే మేలు. ఒప్పుకోకపోతే మూడింటికే స్నానం చేయించి, జుట్టును పాయలుగా విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టాలి. అప్పటికీ మీ ఒత్తుకు సమయం చాలుతుందని మాటివ్వలేను.

గోదావరి గృహిణి:
ముహూర్తమే ముఖ్యం, జడ తర్వాత. నాయనమ్మగారి మాట వినండి.

కాకినాడ అమ్మాయి:
నిన్న మధ్యాహ్నం పాత మల్లెదండలతో పరీక్షించాం. మేడ మీద నాలుగు గంటలు తిరిగినా పైభాగం కదలలేదు. చిక్కు కిందనే వచ్చింది. పీట మీద కూర్చోగానే జడ కొస నా కింద పడి, తల వెనక్కి లాగింది. కొసను లోపలికి మడిచి, కూర్చున్నప్పుడు నేలకు నాలుగు వేళ్లు పైన ఉండేలా జడకుచ్చులు కట్టాక ఇబ్బంది లేదు. కానీ పెళ్లికూతురి జడ మడవకూడదని నాయనమ్మ ఇప్పుడు కొత్తగా అంటున్నారు. మీవైపు అలాంటి పట్టింపు ఉందా?

జడల సరళ:
నేను జడ వేసిన ఇళ్లలో ఎప్పుడూ వినలేదు. అయినా ఇంటి పెద్దావిడతో నేను వాదించను. మడవకపోతే, కూర్చునే ముందు జడను ముందుకు తీసి ఒడిలో వేయడానికి ఒక తోడుపెళ్లికూతురిని పక్కనే ఉంచుకోండి.