మహిళల కబడ్డీకి లీగ్ లేనిది చూసేవాళ్లు లేకనేనా?

ప్రశ్న (ఇంటర్ రెండో ఏడాది, నల్గొండ): ప్రొ కబడ్డీ 2014 నుంచి నడుస్తోంది, అందులో మన తెలుగు టైటన్స్ కూడా ఉంది. ఆసియా క్రీడల్లో మన మహిళల జట్టు మూడుసార్లు స్వర్ణం గెలిచినా వాళ్లకు అలాంటి లీగ్ లేదు. చూసేవాళ్లు లేకనే లేదని మా క్లాసులో సగం మంది, చూపించకనే ఎవరూ చూడటం లేదని మిగతా సగం మంది వాదిస్తున్నారు. ఏది నిజం?

లెక్కల మనిషి: ఈ ప్రయోగం ఒకసారి జరిగిందని ముందు తెలుసుకోవాలి. 2016లో ప్రొ కబడ్డీతో పాటే మహిళలకు కూడా ఒక పోటీ పెట్టి, టీవీలో చూపించారు. ఆ మరుసటి ఏడాది అది కొనసాగలేదు. లాభం కనబడితే ఏ వ్యాపారీ దాన్ని వదులుకోడు కాబట్టి, చూసేవాళ్లు చాలలేదనే అనుకోవాలి. మహిళల ఆట తక్కువదని నేను అనడం లేదు, టీవీ సమయం ఖరీదైనదని మాత్రమే అంటున్నాను.

క్రీడా పేజీ పాతకాపు: లెక్కల మనిషి గారు చెప్పిన పోటీ జరిగిన మాట నిజమే, కానీ అది ఏ రూపంలో జరిగిందో చూడకుండా దాని నుంచి తీర్పు తీయలేం. అందులో ఉన్నవి మూడే జట్లు: ఫైర్ బర్డ్స్, ఐస్ దివాస్, స్టార్మ్ క్వీన్స్. ఈ మూడింటిలో ఒక్కదానికైనా ఊరు పేరు లేదు. తెలుగు టైటన్స్ ఓడితే మనకు బాధ కలిగేది అందులో ఆడేవాళ్లంతా మనవాళ్లని కాదు, పేరులో మనం ఉన్నామని. ఊరూ పేరూ లేని జట్టు మీద ఎవరికి అభిమానం పుడుతుంది? పైగా అది పురుషుల సీజన్ చాటున, కొద్దిపాటి మ్యాచ్‌లతో ముగిసిపోయింది. హైదరాబాద్‌లో జరిగిన ఫైనల్ 24-23తో, ఒక్క పాయింటు తేడాతో తేలింది. ఆట చప్పగా ఉందని ఎవరూ అనలేరు.

ఇక వ్యాపారి సంగతి. ఆటను ప్రసారం చేసిన స్టార్ సంస్థే 2015లో ప్రొ కబడ్డీ నడిపే మషాల్ స్పోర్ట్స్‌లో 74 శాతం వాటా తీసుకుంది. అంటే లీగ్ ఎవరిదో టీవీ కూడా వాళ్లదే. పల్లెటూరి ఆట అని నగరాలు పట్టించుకోని చెడుగుడును తెచ్చి, మ్యాట్ వేసి, లైట్లు పెట్టి, కూతకు ముప్పై సెకన్ల గడియారాన్ని తెర మీద చూపించి, రాత్రి ఎనిమిది గంటల వేళ ఇచ్చి, ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. పురుషుల కబడ్డీకి ప్రేక్షకులు ఉన్నారని తెలిసి లీగ్ పెట్టలేదు, లీగ్ పెట్టి ప్రేక్షకులను తయారు చేసుకున్నారు. ఆ ఓపిక మహిళల విషయంలో ఒక్క ఏడాదికే అయిపోయింది.

2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మహిళల జట్టు చైనీస్ తైపీని 26-25తో ఓడించి తెచ్చిన స్వర్ణం, ఆ క్రీడల్లో భారత్‌కు నూరో పతకం. అదే నెలలో జరిగిన ప్రొ కబడ్డీ వేలంలో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. పవన్ అంత ధరకు తగినవాడే, ఆ విషయంలో నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ నూరో పతకం తెచ్చిన అమ్మాయిలకు పాల్గొనడానికి అలాంటి వేలమే లేదు.

ఇద్దరాడపిల్లల తండ్రి: ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా కోర్టులో దిగి ఆడాలని అంటున్నారా? మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతిలో కబడ్డీ ఆడుతోంది. మగపిల్లలు పట్టు పడితే దెబ్బలు తగులుతాయని మా ఇంట్లో భయపడుతున్నారు. అదీగాక దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని నాకు సందేహం.

డ్రిల్లు టీచర్, ప్రకాశం జిల్లా: అన్నగారూ, ఇక్కడ ఎవరూ అబ్బాయిలతో కలిపి ఆడించమనడం లేదు, కాబట్టి ఆ భయం వద్దు. మహిళల కబడ్డీ నిబంధనలే వేరు. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటే, మహిళలది 12 మీటర్లు, 8 మీటర్లు. ఆటకు సగం అబ్బాయిలకు ఇరవై నిమిషాలు, అమ్మాయిలకు పదిహేను. ఉద్యోగం మాటకొస్తే, జాతీయ స్థాయికి చేరిన అమ్మాయిలకు చాలాకాలంగా దిక్కు రైల్వే జట్టే.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. పాతకాపు గారి మాట కాదనను గానీ, టీవీ వల్ల మా పిల్లలకు ఒక కొత్త కష్టం కూడా వచ్చిందని ఇక్కడ చెప్పాలి. కబడ్డీకి ఖర్చు లేదని అందరూ అంటారు, ఒకప్పుడు అది నిజం. ఇప్పుడు పై స్థాయి ఎంపికలు మ్యాట్ మీద జరుగుతున్నాయి, మా సాధన మాత్రం మట్టిలోనే. మట్టిలో ఒట్టికాళ్లతో ఆడే పిల్ల తప్పించుకునేటప్పుడు పాదాన్ని జారనిస్తుంది. మ్యాట్ మీద బూటు జారదు, అంటుకుని నిలబడిపోతుంది. అలవాటు లేని పిల్ల ఒళ్లు తిప్పుతుంది, పాదం తిరగదు, ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. పోయిన ఏడాది ఎంపికలకు మా నుంచి ఏడుగురు వెళ్తే మ్యాట్ బూట్లు ఉన్నవి మూడు జతలు. ఒకరు ఆడి వచ్చి విప్పితే, ఇంకొకరు రెండు జతల సాక్సులు వేసుకుని అవే తొడుక్కున్నారు. మా జట్టులో అందరికన్నా చురుకైన రైడర్ బోనస్ గీత దగ్గర రెండుసార్లు తడబడి కూర్చుండిపోయింది. ఆ అమ్మాయికి ఆట రాదని కాగితం మీద పడింది.

అదే ఊళ్లో మగపిల్లలకు రాత్రిపూట ఆడుకోవడానికి యువజన సంఘంవాళ్లు లైట్లు వేసి మైదానం ఇచ్చారు. మా అమ్మాయిలు అయిదున్నర బస్సు ఎక్కాలి. పదో తరగతి అయ్యాక సగం మంది పేర్లు జట్టులో నుంచి పోతాయి, కొందరివి పెళ్లి వల్ల, కొందరివి ఇంటి పని వల్ల. వీళ్లంతా లీగ్ దాకా రాకముందే ఆగిపోయినవాళ్లు.

లెక్కల మనిషి: టీచరమ్మా, మీరు చెప్పినది నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. లీగ్ యాజమాన్యమే ప్రసారకర్త అన్న మాట కూడా నా వాదనను బలహీనం చేసింది. అయినా ఒక సందేహం మిగిలింది. నష్టం వచ్చే తొలి మూడు నాలుగేళ్లు జట్టును భరించేది ఎవరు? క్రికెట్ బోర్డుకు డబ్బుంది, కబడ్డీ సమాఖ్యకు అంత స్తోమత లేదు.

క్రీడా పేజీ పాతకాపు: క్రికెట్ ఉదాహరణ మీరే తెచ్చారు కాబట్టి చెబుతున్నాను. అక్కడా మొదట ఇదే తప్పు చేశారు. 2018లో వాంఖడేలో ఐపీఎల్ ప్లేఆఫ్‌కు ముందు మంగళవారం మధ్యాహ్నం ఎండలో మహిళలకు ఒక్క ప్రదర్శన మ్యాచ్ పెట్టారు, తర్వాత సూపర్‌నోవాస్, ట్రెయిల్‌బ్లేజర్స్, వెలాసిటీ అని మూడు ఊరులేని జట్లతో కొన్నేళ్లు నడిపారు. ఆ రోజుల్లో కూడా చూసేవాళ్లు లేరనే అన్నారు. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ అని ముంబయి, ఢిల్లీ, బెంగళూరు లాంటి పేర్లతో అయిదు జట్లు పెట్టి, దానికంటూ వేరే కాలం, సాయంత్రం వేళ కేటాయించేసరికి, ఆట మొదలవకముందే అయిదేళ్ల ప్రసార హక్కులు 951 కోట్లకు అమ్ముడుపోయాయి. ఆడిన అమ్మాయిల్లో చాలామంది అంతకుముందు ఆడినవాళ్లే. అయితే బోర్డు దన్ను విషయంలో మీ మాట సరైనదే. కబడ్డీలో ఆ బరువు ఎవరు మోస్తారన్నదానికి నా దగ్గర జవాబు లేదు. దుబాయ్‌లో 2023లో ఒక ప్రైవేటు మహిళల లీగ్ జరిగింది, దాన్ని చూసినా నాకు మార్గం స్పష్టం కాలేదు.

ఇంటర్ విద్యార్థి: అంటే 2016 పోటీని ఆధారంగా తీసుకోకూడదా?

క్రీడా పేజీ పాతకాపు: తీసుకో నాయనా, కానీ ఊరి పేరు లేకుండా, సొంత కాలం లేకుండా పెట్టిన పోటీని జనం చూశారా లేదా అన్నదానికి మాత్రమే అది ఆధారం. మహిళల కబడ్డీని జనం చూస్తారా అన్న ప్రశ్న ఇంతవరకు ఎవరూ సరిగ్గా అడగలేదు.

డ్రిల్లు టీచర్, ప్రకాశం జిల్లా: నాది మాత్రం ఇంకో అభిప్రాయం. లీగ్ రేపే వచ్చినా, అందులో ఆడేది మ్యాట్ ఉన్న అకాడమీల పిల్లలే. మండలానికి ఒక మ్యాట్, జట్టుకు ఏడు జతల బూట్లు, ఆరున్నరకు ఒక బస్సు ఇస్తే మా అమ్మాయిల్లో ఎవరు నిలుస్తారో అప్పుడు చూడవచ్చు. పాతకాపు గారు లీగ్ ముందు అంటారు, నేను బస్సు ముందు అంటాను. అన్నగారూ, మీ అమ్మాయి మట్టిలో ఆడుతోందా, మ్యాట్ మీదనా?

ఇద్దరాడపిల్లల తండ్రి: మట్టిలోనే అమ్మా. ఎంపికలు వచ్చే నెలలో ఉన్నాయట. బూట్ల సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.